ఫైల్ కరప్ట్ అయిందంటే నమ్మి 1800 కట్టాను, మీరు కట్టకండి

మన కాలనీ గేటు దగ్గర జిరాక్స్ షాప్ అంటే పేరు చెప్పక్కర్లేదు కదా, నేను చెప్పను కూడా, తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. నిన్న సాయంత్రం అక్కడ 1800 సమర్పించుకుని వచ్చాను. ఇంకా తలచుకుంటే ఒళ్ళు మండుతోంది కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

విషయం సింపులే. ఇల్లు ఖాళీ చేస్తున్నాం, ఓనర్ గారు అడ్వాన్స్‌లో సగం కోస్తా అంటున్నారు, రెండు నెలల అద్దె రాలేదట. వచ్చిందని చూపించడానికి పేమెంట్ స్క్రీన్‌షాట్లు, చాట్లు కలిపి 29 ఐఫోన్ నుంచి నేరుగా టైప్ సీ పెన్‌డ్రైవ్‌లోకి వేశాను. ఇంకో ఏడు మెయింటెనెన్స్ రసీదులు, అపార్ట్‌మెంట్ సైట్‌లో కనిపిస్తే లాప్‌టాప్‌లో రైట్ క్లిక్ కొట్టి సేవ్ చేసినవి. మొత్తం 36. ప్రింట్ తీయించుకుందామని వెళ్ళాను, అంతే.

షాపాయన కంప్యూటర్ ఇంకా విండోస్ 7. ఒక్కటీ తెరుచుకోలేదు. అప్పుడేం చేశాడంటే, నా కళ్ళ ముందే ఒక ఫైల్ మీద F2 నొక్కి చివర .heic చెరిపేసి .jpg అని కొట్టి డబుల్ క్లిక్ చేశాడు. స్క్రీన్ మీద ఇంగ్లీషులో పెద్ద మెసేజ్, అందులో damaged, corrupted అని. మానిటర్ నా వైపు తిప్పి "చూడండి మేడం, నేను కాదు, కంప్యూటరే చెప్తోంది, అన్నీ కరప్ట్. రికవరీ చెయ్యాలి, ఫైల్‌కి 50" అన్నాడు. పద్నాలుగేళ్ళు ఆఫీసులో ఎక్సెల్‌తో కుస్తీ పట్టిన మనిషిని, తలూపాను చూడండి, అదీ నా తెలివి! పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, ఏదో పెద్ద ఆపరేషన్ చేసినట్టు మొహం పెట్టి 36 ప్రింట్లు చేతిలో పెట్టాడు. ప్రింట్‌కి మళ్ళీ వేరే డబ్బులు, అది చెప్పనే లేదు.

ఇంటికొచ్చి చూస్తే అన్నీ మసక. పేమెంట్ స్క్రీన్‌షాట్‌లో ఉండే ఆ 12 అంకెల యూటీఆర్ నంబర్‌లో ఏది 3 ఏది 8 తెలియట్లేదు, నాకు కావాల్సింది అదొక్కటే! తమ్ముడు పెన్‌డ్రైవ్ తెరిచి ఒక నవ్వు నవ్వాడు. "అక్కా, వీటికేం రోగం లేదు. హెచ్ఈఐసీ అనే ఐఫోన్ ఫోటో ఫార్మాట్‌ని జేపీజీ చేశాడు, చేసేటప్పుడు సైజు కూడా తగ్గించేశాడు" అన్నాడు. నా ఫోన్ స్క్రీన్‌షాట్ 2556 పిక్సెళ్ళ పొడవుండాలి, ఇవి 800 ఉన్నాయి. పైగా నా అసలు ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో లేవు, తీసేశాడు. ఫోన్లో, లాప్‌టాప్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను.

మళ్ళీ వెళ్ళి అడిగితే ఏమన్నాడో తెలుసా? కుర్చీలోంచి లేవకుండా, "తెలిస్తే ఇంట్లోనే చేసుకోవాల్సింది కదా మేడం, నా దగ్గరికెందుకొచ్చారు" అన్నాడు. పక్కన ఇద్దరు కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. 1800 పోయినందుకు కాదండీ, ఆ మాటకి రాత్రి నిద్ర పట్టలేదు. కష్టానికి వంద తీసుకుని "ఫార్మాట్ మారుస్తా" అనుంటే నవ్వుతూ ఇచ్చేదాన్ని కదా. బాగున్న ఫైల్‌ని చచ్చిపోయిందని చెప్పి దినాల ఖర్చు కూడా వసూలు చేయడం ఏంటి!

రాత్రంతా తమ్ముణ్ణి పీకి పీకి తెలుసుకున్నది ఇది. హెచ్ఈఐసీలో బొమ్మని కుదించేది వీడియోలకి వాడే హెచ్‌ఈవీసీ పద్ధతి, దానికి పేటెంట్లు, లైసెన్సు ఫీజులు ఉంటాయి. అందుకే విండోస్ 10, 11లో కూడా చాలాసార్లు అది విప్పే ముక్క ముందే ఉండదు, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి `HEIF Image Extensions`, దాంతో పాటు `HEVC Video Extensions` వేసుకోవాలి. మొదటిది ఉచితం, రెండోదానికి కొంచెం డబ్బు అడుగుతుంది. విండోస్ 7కి ఆ దారే లేదు. సైట్‌లోంచి సేవ్ చేసిన ఆ ఏడు రసీదులేమో వెబ్‌పీ ఫార్మాట్. అది గూగుల్ వాళ్ళది, 2010లో తెచ్చారు, సైట్లు త్వరగా లోడ్ అవ్వడానికి అందులో పెడతాయి. అది పాత ఫోటో వ్యూయర్‌లో రాకపోయినా క్రోమ్ విండోలోకి లాగి పడేస్తే కనిపిస్తుంది. అంటే ఆ ఏడు రసీదులూ ఆయన కంప్యూటర్‌లోనే క్రోమ్‌లో చూడొచ్చు. హెచ్ఈఐసీకి ఆ చిట్కా పనిచేయదు.

పేరు చివర .jpg అని రాస్తే లోపల బొమ్మ మారదు, చక్కెర డబ్బా మీద ఉప్పు అని రాసినట్టే. వ్యూయర్ జేపీజీ అనుకుని తెరుస్తుంది, లోపల ఇంకేదో ఉంటుంది, కరప్ట్ అంటుంది. నాకు చూపించిన సాక్ష్యం అదే, ఆయన స్వయంగా తయారు చేసింది! పేరు మళ్ళీ .heic అని మారిస్తే ఫైల్ ఎప్పట్లాగే ఉంటుంది.

నిజంగా పోయిందో లేదో చూడాలంటే ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి అక్షరాలే వస్తాయి, కంగారు పడకండి, మొదటి లైన్‌లో `ftypheic` లేదా `ftyp` తర్వాత `heix`, `mif1` లాంటిది ఉంటే అది హెచ్ఈఐసీ. `RIFF`, కొంచెం పక్కనే `WEBP` ఉంటే వెబ్‌పీ. ఇవి కనిపించి సైజు కూడా మామూలుగా ఉంటే ముందు ఫార్మాట్‌నే అనుమానించాలి. సైజు 0 కేబీ ఉన్నా, మొదట్లోనే అంతా ఖాళీగా ఉన్నా అప్పుడు ఏడవండి.

అసలు స్క్రీన్‌షాట్ హెచ్ఈఐసీ ఎందుకయిందంటారా, అది నా ఘనకార్యమే. ఐఫోన్ స్క్రీన్‌షాట్ మామూలుగా పీఎన్‌జీ, ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఐఓఎస్ 26 వచ్చాక సెట్టింగ్స్‌లో General, అందులో Screen Capture దగ్గర HDR అని ఉంటే క్లారిటీ బాగుంటుందని నొక్కాను. దాంతో హెచ్ఈఐసీ అయ్యాయి. ఇప్పుడు SDR పెట్టేశాను. కెమెరా ఫోటోలకైతే Camera, Formats లో `Most Compatible`.

మార్చడం ఎంతసేపు? ఫోన్లో అయితే ఫోటోని ఫైల్స్ యాప్‌లో సేవ్ చేసి దాని మీద గట్టిగా నొక్కి పట్టుకుంటే Quick Actions, అందులో Convert Image. సైజు అడిగితే తగ్గించొద్దు. తమ్ముడు మాత్రం తన లాప్‌టాప్‌లో ఫోటోల ఫార్మాట్ మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్ ఉందని ఫోల్డర్‌లో `png` అని ఖాళీ ఫోల్డర్ పెట్టి ఇది కొట్టాడు:

```
magick mogrify -path png -format png *.heic *.webp
```

నేను టీ పెట్టి వచ్చేలోపు 36 ఫైళ్ళూ అయిపోయాయి. అసలువి అలాగే ఉన్నాయి, కొత్తవి పక్క ఫోల్డర్‌లో పడ్డాయి. అక్షరాలు, అంకెలు ఉన్న స్క్రీన్‌షాట్‌కి పీఎన్‌జీయే మంచిది, జేపీజీ బాగా కుదిస్తే అంచులు చెదిరిపోతాయి. యూటీఆర్ ఇప్పుడు అద్దంలా కనిపిస్తోంది.

ఇంకోటి, బ్యాంకు కాగితాలు, ఆధార్ లాంటివి ఎక్కడో దొరికిన ఆన్‌లైన్ కన్వర్టర్‌కి ఎక్కించకండి. వాట్సాప్‌లో పంపితే ఫోటోగా పంపినప్పుడు జేపీజీ అవుతుంది కానీ క్లారిటీ తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే హెచ్ఈఐసీ హెచ్ఈఐసీ లాగే వెళ్తుంది, అవతల మళ్ళీ అదే గోల. షాపుకి వెళ్ళాల్సొస్తే ముందే పీఎన్‌జీ చేసుకుని, కాపీ ఉంచుకుని వెళ్ళండి. రేపు ఓనర్ గారితో మీటింగ్, ప్రింట్లు ఈసారి బస్టాండ్ వైపు తీయించా, పేజీకి 5.