ప్రోనోటు బాకీకి ఏది మేలు: ముందు రాజీ మాటా, నేరుగా ఆర్డర్ 37 దావానా?

ప్రోనోటు చేతిలో ఉన్న వ్యాపారి వకీలు దగ్గరికి వచ్చాక అడిగే మొదటి మాట దాదాపు ఒకటే. "సాక్షులూ విచారణా లేకుండా తేలే సమ్మరీ సూట్ ఉందట కదా, మరి మీడియేషన్‌కి వెళ్లమంటారేం? వాడు ఇచ్చేవాడైతే మీ దాకా ఎందుకొస్తాను?" కోపం న్యాయమైనదే. కానీ వ్యాపార బాకీ 3 లక్షలు, ఆపైన ఉంటే ఈ రెంటిలో ఒకటి ఎంచుకునే వీలు చట్టం ఇవ్వలేదు. ముందు మీడియేషన్ గుమ్మం తొక్కాలి, తర్వాతే కోర్టు. ఎంచుకోవలసింది ఆ గుమ్మం దగ్గర ఎంత సేపు నిలబడాలన్నదీ, దాటాక ఏ దావా వేయాలన్నదీ.

ఒక లెక్క అనుకుందాం. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పైపులు, ఫిట్టింగులు అమ్మే వ్యాపారి. మలక్‌పేటలో ఉండే కాంట్రాక్టరు సరుకు తీసుకెళ్తూ బిల్లులు పెండింగ్ పెట్టాడు. చివరికి 2022 మార్చి 10న పాత బాకీకంతా కలిపి 9 లక్షలకు డిమాండ్ ప్రోనోటు రాసిచ్చాడు. వడ్డీ నూటికి నెలకు రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం. ఆ తర్వాత ఒక్క పైసా ఇవ్వలేదు, నోటు వెనక చెల్లు పడలేదు. మూడేళ్లకు వడ్డీ 3,24,000 అయింది. మొత్తం 12,24,000.

సమ్మరీ సూట్, అంటే ఆర్డర్ 37 దావా దారి ఇలా ఉంటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఈ ఆర్డర్ కింద ప్రోనోటు, హుండీ, చెక్కు మీద గానీ, రాతపూర్వక ఒప్పందం వల్ల వచ్చిన నిర్ణీత మొత్తం మీద గానీ దావా వేయవచ్చు. సమన్లు అందిన 10 రోజుల్లో ప్రతివాది హాజరు నమోదు చేసుకోవాలి. చేసుకోకపోతే దావాలో రాసినవన్నీ ఒప్పుకున్నట్టే లెక్క, డిక్రీ వచ్చేస్తుంది. హాజరైతే వాది తీర్పు కోసం ఇంకో సమన్లు పంపుతాడు. అది అందిన 10 రోజుల్లో 'నేను వాదించుకోవడానికి అనుమతి ఇవ్వండి' అని ప్రతివాది అఫిడవిట్‌తో అడగాలి. మామూలు దావాలో లాగా జవాబు దాఖలు చేసి ఏళ్ల తరబడి కూర్చునే హక్కు అతనికి లేదు. ఈ దావా బలమంతా అక్కడే ఉంది.

బలహీనత కూడా అక్కడే ఉంది. మన ప్రోనోటు దావాల్లో తరచూ వినిపించే ప్రతివాదన ఒకటుంది: 'సంతకం నాదే, కానీ ఖాళీ నోటు మీద పూచీగా పెట్టాను, అంకెలు తర్వాత వాళ్లే రాసుకున్నారు'. ఇలాంటి వాటిని ఎలా తూచాలో 2016 నవంబరులో ఐడీబీఐ ట్రస్టీషిప్ వర్సెస్ హబ్‌టౌన్ తీర్పులో సుప్రీంకోర్టు మెట్లు మెట్లుగా చెప్పింది. గట్టి వాదన ఉంటే షరతు లేకుండా అనుమతి. విచారించదగ్గ అంశం ఉన్నా చిత్తశుద్ధి మీద అనుమానం వస్తే షరతులతో, అవసరమైతే డిపాజిట్‌తో. నమ్మేలా ఉన్నా జరిగి ఉండదనిపిస్తే మొత్తం సొమ్మూ వడ్డీతో సహా జమ చేయమనవచ్చు. పసలేని వాదనైతే అనుమతి లేదు, డిక్రీయే. మన కాంట్రాక్టరు ఖాళీ నోటు కథ చెప్పాడనుకోండి. వ్యాపారి దగ్గర సంతకాలున్న డెలివరీ చలాన్లు, బిల్లులు ఉండి వాటి కూడిక 9 లక్షలకు సరిపోతే ఆ కథ నిలవడం కష్టం. కూడిక 6 లక్షలే వస్తే కథకు కాళ్లొస్తాయి. అందుకే దావాకు ముందు నేను చూసేది నోటు కంటే బిల్లుల కట్టే.

కాగితంలో లోపాలను కూడా ముందే పట్టుకోవాలి. ప్రోనోటుకు తగిన స్టాంపు లేకపోతే తర్వాత జరిమానా కట్టి సరిచేసుకునే అవకాశం స్టాంపు చట్టం ఇవ్వలేదు. ఆ నోటు సాక్ష్యంగా పనికిరాదు. ఇంకో ముప్పు వ్యాపారి ఆశ నుంచి వస్తుంది. మన వ్యాపారి నోటు రాయించుకున్నాక కూడా 1,40,000 సరుకు నోటిమాట మీద ఇచ్చాడనుకోండి. 'అది కూడా ఇందులోనే కలిపేయండి సార్' అంటాడు. కలిపితే ఆర్డర్ 37 దావా దెబ్బతింటుంది, ఎందుకంటే ఆ పరిధిలోకి రాని కోరిక ఇందులో ఉండకూడదు. 'నోట్లో రూపాయే రాశాం కానీ రెండు రూపాయల వడ్డీ అనుకున్నాం' అన్నా అంతే, రాసిన వడ్డీయే అడగాలి. అసలు వడ్డీ రేటే రాయని నోటుకు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఏడాదికి 18 శాతం ఇస్తుంది. మన నోటులో 12 రాసి ఉంది కనుక ఇక్కడ ఆ లాభం లేదు.

ఇక మీడియేషన్. కమర్షియల్ కోర్టుల చట్టం 2015లో వచ్చింది. 2018 సవరణ కనీస విలువను కోటి నుంచి 3 లక్షలకు దించి, సెక్షన్ 12ఏ చేర్చింది. తక్షణ మధ్యంతర ఉత్తర్వు అవసరం లేని ప్రతి వాణిజ్య దావాకూ ముందు మీడియేషన్ జరగాలని అది చెబుతుంది. ఆర్డర్ 37 దావాకు అందులో మినహాయింపు లేదు. 2022 ఆగస్టు 17న పాటిల్ ఆటోమేషన్ తీర్పులో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరని తేల్చింది. ఆ ఏడాది ఆగస్టు 20 నుంచి, ఈ మెట్టు ఎక్కకుండా వేసిన దావాను తిరస్కరించాల్సిందే. 3 లక్షల లెక్కలో దావా వేసే నాటి వరకు అయిన వడ్డీ కూడా కలుస్తుంది, కాబట్టి అసలు 2,60,000 అయినంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు. స్నేహితుడికి ఇంటి ఖర్చుకిచ్చిన చేబదులు వేరే సంగతి. అది వర్తకుల లావాదేవీ కాదు గనక మామూలు సివిల్ కోర్టులోనే ఆర్డర్ 37 కింద నేరుగా వేసుకోవచ్చు.

దరఖాస్తు పెట్టేది న్యాయసేవల సంస్థకు. మన లెక్కలో సిటీ సివిల్ కోర్టు పరిధిలోని సంస్థకు. కాంట్రాక్టరు మలక్‌పేటలో ఉన్నాడు కాబట్టి ఇబ్బంది లేదు. ఫారం-1 నింపి 1,000 రూపాయలు కట్టాలి. సంస్థ అవతలివాడికి 10 రోజుల గడువుతో నోటీసు పంపుతుంది. పలకకపోతే ఆఖరి నోటీసు. దానికీ పలకకపోయినా, రానన్నా 'నాన్-స్టార్టర్' అని ఫారం-3 నివేదిక ఇచ్చేస్తుంది. అంటే మొండివాడి విషయంలో పోయేది వెయ్యి రూపాయలూ, కొన్ని వారాలూ. ఇద్దరూ కూర్చుంటేనే మీడియేషన్ ఫీజు. 10 నుంచి 50 లక్షల క్లెయిముకు 30,000, చెరి సగం. గడువు మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు.

ఎక్కువమంది వ్యాపారులు దీన్ని ముద్ర వేయించుకునే తంతుగా చూస్తారు. కొందరి విషయంలో అది నిజంగా తంతే. అవతలివాడు 'బాకీయే లేదు, సంతకం నాది కాదు' అంటున్నాడంటే ఒక్క సిట్టింగ్ కంటే ఎక్కువ ఇవ్వకూడదని నా అభిప్రాయం. కానీ బాకీ ఒప్పుకుంటూ, ప్రభుత్వ బిల్లులు రాక చేతులాడటం లేదంటున్న కాంట్రాక్టరు దగ్గర మీడియేషన్ దావా కంటే మేలు. కారణం దయ కాదు. అక్కడ కుదిరిన రాజీకి ఆర్బిట్రేషన్ అవార్డుకున్న బలం ఉంటుంది. మాట తప్పితే కొత్త దావా అక్కర్లేదు, నేరుగా అమలు పిటిషనే. పైగా లక్షల మీద కోర్టు ఫీజు కట్టకుండానే వ్యాపారి ఆ స్థితికి చేరతాడు.

మన లెక్కలో 12,24,000కు బదులు 10,50,000కు రాజీ కుదిరిందనుకుందాం. సంతకం రోజున 2,50,000, మిగతా 8 లక్షలు నెలకు లక్ష చొప్పున. ఇందులో తప్పకుండా రాయించుకోవాల్సింది ఒక వాక్యం: ఏ వాయిదా తప్పినా తగ్గింపు రద్దయి, కట్టింది పోను 12,24,000లో మిగిలినదంతా ఒకేసారి బాకీ అవుతుంది. ఈ వాక్యం లేని రాజీలో నాలుగో నెల ఎగ్గొట్టినవాడికీ తగ్గింపు మిగిలిపోతుంది.

మీడియేషన్ వంకతో ఆ కొద్ది నెలల్లో ఆస్తి తమ్ముడి పేరుకు మార్చేస్తే? ఈ భయం నిజమైనదే, దీనికి చట్టంలో దారీ ఉంది. తీర్పుకు ముందే జప్తు కోరుతూ ఆర్డర్ 38 రూల్ 5 దరఖాస్తుతో నేరుగా కోర్టుకెళ్లవచ్చు. కానీ దాన్ని మీడియేషన్ ఎగ్గొట్టే సాకుగా వాడితే చెల్లదని 2023 అక్టోబరులో యామిని మనోహర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దావాలోని విషయం, కోరిక, కారణం చూసి అది ముసుగా కాదా అని జడ్జి తేలుస్తారు. 'అమ్మేస్తాడేమోనని భయంగా ఉంది' అని ఒక్క వాక్యం రాస్తే సరిపోదు. ఏ ప్లాటు, ఎవరికి అమ్మకానికి పెట్టాడు, బ్రోకరు పంపిన మెసేజ్ ఏది, ఇలాంటివి ఉండాలి. లేకుంటే దావా తిరస్కరణ పాలవుతుంది, మళ్లీ మొదటికొస్తాం. ఈలోగా కాలదోషం మాటేమిటన్న చిక్కు ఒకటి. గట్టి ఆధారం లేనివారికి ఈ అడ్డదారి నేను చెప్పను.

రాజీ కుదరక నివేదిక చేతికొచ్చాక ఇంకో ఎంపిక ఉంది, దీన్ని చాలామంది గమనించరు. కమర్షియల్ కోర్టులో మామూలు దావా వేసి, సమన్లు అందాక, కోర్టు తేల్చాల్సిన ఇష్యూలు ఖరారయ్యే లోపు ఆర్డర్ 13-ఏ కింద సమ్మరీ తీర్పు అడగవచ్చు. ప్రతివాదికి గెలిచే అవకాశం నిజంగా లేదనీ, విచారణ దాకా ఆగడానికి వేరే బలమైన కారణమూ లేదనీ చూపాలి. కానీ మొదట ఆర్డర్ 37 కింద వేసిన దావాలో ఆ దరఖాస్తు పెట్టకూడదని అదే ఆర్డర్ చెబుతోంది. కాబట్టి నోటు శుభ్రంగా ఉండి, కోరేది నోటు సొమ్మొక్కటే అయితే ఆర్డర్ 37. ఆ 1,40,000 నోటిమాట సరుకునీ వదులుకోలేననుకుంటే, లేదా స్టాంపు మీద అనుమానం ఉండి బిల్లుల మీద ఆధారపడాల్సి వస్తే, రెండో దారే మేలు.

కాలదోషం లెక్క అన్నిటికంటే ముందు వేయాలి. డిమాండ్ నోటుకు గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్లు, మనకు 2025 మార్చి 10. వ్యాపారి ఫిబ్రవరి 24న మీడియేషన్ దరఖాస్తు పెట్టాడనుకుందాం. అప్పటికి ఇంకా 14 రోజులు మిగిలున్నాయి. మీడియేషన్‌లో గడిచిన కాలం గడువులోంచి మినహాయింపు, కనుక నివేదిక ఏప్రిల్ 7న వచ్చినా ఆ 14 రోజులూ అతనివే. అయితే ఆ మినహాయింపు ఏ రోజు నుంచి మొదలైందన్న వాదన ప్రతివాది వకీలు తప్పక లేవదీస్తాడు. కాబట్టి దావా కాగితాలు ముందే సిద్ధం చేసుకుని, నివేదిక అందిన ఒకటి రెండు రోజుల్లో దాఖలు చేయాలి. దావాతో పాటు ఆ నివేదికా, ఫారం-1 దాఖలు చేసిన తేదీ చూపే రసీదూ జతపరచాలి. దావా నంబరు కింద 'సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద' అన్న పంక్తీ ఉండాలి.