కొండకు వేరుందా, రాయే తేలికా: ఎయిరీ, ప్రాట్‌లలో ఎవరి లెక్క మేలు?

19వ శతాబ్దపు భారత సర్వేలో ఒక చిక్కు తేలింది. హిమాలయాల ద్రవ్యరాశి లంబపు గుండును తనవైపు లాగాలి. కలియానా, కలియాన్‌పూర్ అనే రెండు సర్వే స్థానాల మధ్య ఆ లాగుడు వల్ల గుండు వేలాడే దిశలో సుమారు 16 ఆర్క్ సెకన్ల తేడా, అంటే డిగ్రీలో 3600వ వంతులు 16, రావాలని కలకత్తాలో చర్చి అధికారిగా ఉన్న జాన్ ప్రాట్ లెక్కగట్టాడు. నిజంగా వచ్చిన తేడా 5 సెకన్లకు కాస్త ఎక్కువ, అంతే. అంటే పర్వతాల కింద ఎక్కడో బరువు తక్కువ ఉంది.

ఎందుకు? 1855లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త జార్జి ఎయిరీ చెప్పింది ఇది: పైపొర రాయి అంతటా ఒకే సాంద్రత, ఎత్తైన పర్వతం కింద మాత్రం అది తన కిందున్న బరువైన రాతి పొర మాంటిల్‌లోకి లోతైన వేరులా దిగి ఉంటుంది. ప్రాట్ 1859లో మరోలా చెప్పాడు: పైపొర అడుగు అంతటా ఒకే లోతులో ఉంటుంది, ఎత్తైన చోట రాయే తేలిక.

పర్వతాల విషయంలో నా ఓటు ఎయిరీకే. భూకంప తరంగాలతో కొలిస్తే టిబెట్ కింద పైపొర మందం సుమారు 70 కిలోమీటర్లు, మన దక్కన్ కింద దాదాపు 35. ప్రాట్ లెక్కకు ఇంత తేడా పొసగదు. అయితే సముద్రం మధ్యలోని పర్వత శ్రేణులకు ప్రాట్ మాటే బాగా సరిపోతుంది. అక్కడ రాయి వేడెక్కి తేలికవుతుంది.

ఇక కోత సంగతి. కృష్ణలో పుట్టిలోంచి బస్తాలు దించితే అది పైకి తేలుతుంది కదా, కోత బరువు తీసేస్తే పర్వతమూ అంతే. పైపొర సాంద్రత నీటికి 2.7 రెట్లు, మాంటిల్‌ది 3.3 రెట్లు అనుకుందాం. విశాల ప్రాంతంలో ఒక కిలోమీటరు మందం కొట్టుకుపోతే, వేలాది ఏళ్లలో నేల 820 మీటర్లు లేస్తుంది. ఎత్తు తగ్గేది 180 మీటర్లే. ఆ చొప్పున 5 కిలోమీటర్ల పీఠభూమి పూర్తిగా అరగాలంటే 27 కిలోమీటర్లకు పైగా రాయి పోవాలి. వేరు కూడా అంతకంతకూ పైకి వచ్చి మాయమవ్వాలన్న మాట.

ఇక్కడ చాలామంది పొరపడతారు. కోత వల్ల సగటు ఎత్తు పెరగదు, తగ్గుతుంది. కానీ నదులు లోయల్నే తవ్వి శిఖరాల్ని వదిలేస్తే, బరువు తగ్గిన శ్రేణి మొత్తం లేస్తుంది, దాంతో పాటు శిఖరాలూ లేస్తాయి. హిమాలయాలు పెరగడానికి అసలు కారణం భారత ఫలకం ఢీకొనడం, ఈ తేలడం దానికి తోడు.

నల్గొండ, మహబూబ్‌నగర్ గ్రానైట్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి, కిలోమీటర్ల లోతున గట్టిపడినవి. పైనున్నది పోయి కింద ఉన్నది లేవబట్టే అవి ఇవాళ బయట ఉన్నాయి. కానీ ఒక్కొక్క గుట్ట కింద విడిగా వేరు వెతక్కండి. ఎయిరీ లెక్క ప్రకారం ప్రతి గుట్టకూ వేరు ఉండాలి, కానీ భూ ఫలకం గట్టిది, అంత చిన్న బరువుకు వంగదు. వందల కిలోమీటర్ల వెడల్పున్న శ్రేణి అయితేనే ఈ లెక్క నిలుస్తుంది.