పెంకుటింటి ఫొటో పిల్లల పుస్తకంలో పేజీ అయ్యేదాకా: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

పిల్లల బొమ్మల పుస్తకాలకు బొమ్మలు వేయడం నా పని. రెండున్నరేళ్లుగా కథల్లో వచ్చే ఇళ్లు, వీధులు, చెరువు గట్లు అన్నీ నేను తీసిన ఫొటోల మీద నుంచే చేస్తున్నాను. ఫిల్టర్ గింప్‌లో, ట్రేసింగ్ క్రిటాలో. రెండూ ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్లే. ఆరు పుస్తకాలు పూర్తయ్యాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. ఫిల్టర్ రంగులకు పనికొస్తుంది, గీతకు పనికిరాదు. ఇది తెలియక మొదటి పుస్తకంలో పన్నెండు పేజీలు మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఆ పుస్తకానికి కోనసీమలో మా అమ్మమ్మ గారి పెంకుటింటి ఫొటో తీసుకున్నాను. ముందు అరుగు, పక్కన వేపచెట్టు, వెనక బావి. గింప్‌లో `Filters > Artistic > Cartoon` నొక్కి ఇరవై నిమిషాల్లో పేజీ అయిపోయిందనుకున్నాను. స్క్రీన్ మీద ముచ్చటగానే ఉంది. ప్రింట్ ప్రూఫ్ చేతికొచ్చాక చూస్తే పెంకుల సందులన్నీ కలిసిపోయి నల్లటి మరకలయ్యాయి. వేపచెట్టు మీద బొగ్గుపొడి చల్లినట్టుంది. దాని ముందు నిలబడ్డ పాప కనిపించడమే లేదు.

కారణం ఆ ఫిల్టర్ పని చేసే తీరులోనే ఉంది. అది వస్తువుల అంచులు వెతకదు. చుట్టుపక్కల కంటే ముదురుగా ఉన్న చోటల్లా ఇంకాస్త నలుపు చేరుస్తుంది. గోడ అంచు, పెంకు కింద నీడ, ఆకు మీద మచ్చ, దానికి మూడూ ఒకటే. `Mask radius` పెంచితే నలుపు మందమవుతుంది, తగ్గిస్తే సన్నటి ఇసుకలా రాలుతుంది. పైగా అచ్చులో సిరా కాగితం మీద కొంచెం పరుచుకుంటుంది కాబట్టి, స్క్రీన్ మీద విడివిడిగా కనిపించిన చుక్కలు కాగితం మీద ఒకటైపోతాయి. ముందే తెలుసుకోవాలంటే పేజీని ఇంట్లో ప్రింటర్ మీద అసలు సైజులో తీసి, చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూడాలి. ఆకులు ఆకుల్లా కాకుండా మురికిలా కనిపిస్తే ఆ పేజీ పనికిరాదు.

తర్వాత అదే ఫొటోతో చేసిన పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నాను. ముందుగా ఫొటోను నిటారు చేస్తాను. ఫోన్ కాస్త పైకెత్తి తీస్తే అరుగు స్తంభాలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. ఫొటోలో మన కన్ను దాన్ని పట్టించుకోదు కానీ, దాని మీద గీత గీశాక ఇల్లు పడిపోతున్నట్టుంటుంది. గింప్‌లో `Perspective` టూల్‌తో పై మూలలు రెండూ బయటికి లాగితే స్తంభాలు నిలబడతాయి.

తర్వాత రంగులు. ఇందుకు `Filters > Blur > Median Blur` నాకు బాగా కుదిరింది. నాలుగు వేల పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోకి రేడియస్ 12 నుంచి 15 దాకా పెడతాను. గోడ, కప్పు అంచులు దాదాపు అలాగే ఉంటాయి, ఆకులు మాత్రం గుబుర్లుగా, పెంకులు వరసలుగా కలిసిపోతాయి. చెట్టును ఎన్ని ముద్దలుగా చూడాలో అప్పుడు తెలుస్తుంది. మా వేపచెట్టు ఐదు ముద్దలుగా తేలింది. అందులోంచి పది పన్నెండు రంగులు ఏరుకుని పక్కన పెట్టుకుంటాను. `Posterize` కూడా ప్రయత్నించాను. అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం దేనికదే మెట్లుగా కోస్తుంది కాబట్టి సున్నం గోడ మీద గులాబీ మచ్చలు వచ్చాయి. అక్కడితో దాన్ని వదిలేశాను.

ఇక ట్రేసింగ్. క్రిటాలో ఫొటో లేయర్‌ను నలభై శాతం అపాసిటీకి తగ్గించి, పైన కొత్త లేయర్ మీద గీస్తాను. నలుపు వాడను, ముదురు గోధుమ రంగు వాడతాను. ముందున్న అరుగు అంచుకు 14 పిక్సెళ్లు, ఇంటికి 8, వెనకున్న బావికి 4. ఏం గీయాలన్న దానికంటే ఏం వదలాలన్న దగ్గరే ఎక్కువ సేపు ఆగుతాను. ఆ కప్పు మీద వందల పెంకులు ఉన్నాయి. నేను చూరు వెంట ఒక వరస, మధ్యలో అక్కడక్కడా మూడు నాలుగు గుంపులు మాత్రమే గీశాను. కరెంటు తీగలు, ప్లాస్టిక్ బకెట్, డిష్ తీసేశాను. కథలోని అక్షరాల కోసం ఆకాశంలో ఎడమవైపు ఖాళీ వదిలాను.

పాపను ఎంత ఎత్తులో పెట్టాలన్నది నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. అరుగు ముందు బాగున్న పాప, బావి దగ్గర పెడితే రాక్షసిలా కనిపించేది. కొలత ఫొటోలోనే ఉందని తర్వాత అర్థమైంది. అరుగు అంచును, చూరు అంచును వెనక్కి పొడిగిస్తే రెండు గీతలూ ఒక చోట కలుస్తాయి. ఆ చోటు గుండా అడ్డంగా గీసిన గీతే దిగంతం. నేల చదునుగా ఉంటే, దగ్గరున్నా దూరమున్నా ఆ గీత కెమెరా ఎత్తు దగ్గరే తగులుతుంది. నేను నిలబడి తీశాను కాబట్టి అది సుమారు ఐదడుగులు. అంటే పాప పాదాలు ఆనే చోటి నుంచి ఆ గీత దాకా ఐదు భాగాలు చేస్తే, మూడడుగుల పాప తల మూడో భాగం దగ్గర ఆగాలి. బావి దగ్గరైనా అదే లెక్క. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చునే ఫొటో తీస్తున్నాను. అప్పుడు గీత పాప కళ్ల దగ్గరే పోతుంది, ఇల్లు కూడా పిల్లలు చూసినంత పెద్దగా కనిపిస్తుంది.

చివరగా బ్యాక్‌గ్రౌండ్‌కీ పాపకీ మధ్య లేత మీగడ రంగు లేయర్ ఒకటి, ఇరవై శాతం అపాసిటీతో వేస్తాను. పేజీ మొత్తాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూసినప్పుడు పాప వెంటనే కంటికి ఆనకపోతే, ఇంకో ఐదు శాతం పెంచుతాను.

సైజు విషయంలో ఈ పద్ధతికి ఒక మేలుంది. మా పుస్తకం ఎనిమిదిన్నర అంగుళాల చదరం. కోతకు ప్రతి వైపూ అంగుళంలో ఎనిమిదో వంతు కలిపితే, 300 డీపీఐకి 2625 పిక్సెళ్లు కావాలి. రెండు పేజీలు కలిపి వేసే బొమ్మకు 5175 వెడల్పు. మామూలు ఫోన్ ఫొటో అంత ఉండదు, ఫిల్టర్ చేసిన ఫొటోను సాగదీస్తే మసకవుతుంది. ట్రేస్ చేసేటప్పుడు అడుగున ఉన్నది మసకగా ఉన్నా ఫర్వాలేదు, గీత కొత్తగానే పడుతుంది. రెండు పేజీల బొమ్మలో ముఖ్యమైనదేదీ నడిమధ్య, పేజీలు మడిచే చోట పెట్టకూడదు. మా బావి ఒకసారి సగం కుట్టులోకి పోయింది.

ఫొటోను తానే గీతలుగా మార్చే `Trace Bitmap` అనే టూల్ ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, దాన్ని కూడా కొన్ని నెలలు వాడాను. దుకాణం బోర్డు, కిటికీ ఊచలు, ముగ్గు లాంటి స్పష్టమైన ఆకారాలకు బాగుంది. చెట్టుకు మాత్రం గీతల మీద వేల నోడ్లు, అంటే గీత వంపును పట్టి ఉంచే చుక్కలు, పుట్టించి ఫైలు కదలనివ్వలేదు.

ఒక పేజీకి నాకు నాలుగైదు గంటలు పడుతోంది. ఏ ఫొటో లేకుండా గీస్తే రెండు రోజులు పట్టేది. మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలతో ఈ పద్ధతి సరిగా నడవదు, నీడ ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. మబ్బు పట్టిన రోజో, పొద్దున ఏడు గంటలకో తీస్తాను. రాత్రి సన్నివేశాలకు పగటి ఫొటోనే ట్రేస్ చేసి, రంగులన్నీ నా ఊహతో వేస్తున్నాను. అక్కడ ఫిల్టర్ నుంచి తీసుకునేదేమీ ఉండటం లేదు.