లైక్స్ కాదు, ఎంక్వైరీ నుంచి వెనక్కి చూడండి: రెండేళ్లు ఎనలిటిక్స్ వాడాక నా రివ్యూ

నేను ఇంటీరియర్ పని చేస్తాను, ఎక్కువగా వార్డ్‌రోబ్‌లు, స్టోరేజ్. టీమ్ అంటూ ఏం లేదు, డిజైన్ నేనే, పోస్టులు నేనే, వచ్చిన మెసేజ్‌లకి రిప్లై కూడా నేనే. రెండేళ్లుగా ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌సైట్స్, నా సైట్‌కి గూగుల్ ఎనలిటిక్స్ (అదే జీఏ4), ఇంకా ఒక మామూలు షీట్, ఈ మూడూ కలిపి వాడుతున్నా. మూడింట్లో నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ షీటే, ఎందుకో చెప్తా.

మొదటి ఏడాది అందరూ చూసినట్టే చూశా. పోస్ట్ పెట్టడం, గంటకోసారి లైక్స్ చూడడం, ఎక్కువ వస్తే అలాంటిదే ఇంకోటి చేయడం. ఒక హాల్ బిఫోర్-ఆఫ్టర్ రీల్‌కి 4,100 లైక్స్ వచ్చాయి, రీచ్, అంటే చూసినవాళ్లు, 92,000. అంత రీచ్ నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు, నిజంగా సంతోషం వేసింది. అదే ఊపులో వరసగా రెండు నెలలు అలాంటి రీల్సే చేశా, ఒక్కోదానికి ఎడిటింగ్‌కే రెండు రోజులు పట్టేది. ఆ రెండు నెలల్లో పని గురించి వచ్చిన ఎంక్వైరీలు నాలుగు, అందులో మూడు పాత కస్టమర్లు చెప్తే వచ్చినవాళ్లే. అప్పుడు నాకు అర్థమైంది, నేను స్క్రీన్ పైనుంచి కిందకి చదువుతున్నాను, చదవాల్సింది కిందనుంచి పైకి అని.

కిందనుంచి అంటే ముందు ఎంక్వైరీ పట్టుకోవడం. ఇన్‌సైట్స్ తెరవకముందే షీట్‌లో వచ్చిన ప్రతి ఎంక్వైరీకి ఒక లైన్ రాస్తా: తేదీ, ఎలా వచ్చింది (డీఎం, వాట్సాప్, ఫోన్, ఫారం), ఏం అడిగారు, ఏ పోస్ట్ చూసి వచ్చారు, చివరికి ఏమైంది. అందులో ఇంకో కాలమ్ కూడా ఉంది, ఎంక్వైరీ గ్రేడ్. "రేటెంత?" అని ఒక్క ముక్క అడిగి మళ్లీ కనపడనివాళ్లకి సి, రూమ్ సైజ్ చెప్పి అడిగినవాళ్లకి బి, సైజుతో పాటు ఎప్పటికి కావాలో కూడా చెప్పినవాళ్లకి ఏ. ఈ గ్రేడ్ లేకపోతే ఎంక్వైరీల సంఖ్య కూడా లైక్స్ లాగే తయారవుతుంది, పెరిగితే సంతోషం, పని మాత్రం ఉండదు.

ఏ పోస్ట్ చూసి వచ్చారో తెలియడమే కష్టం. జనం చెప్పరు, చెప్పినా "మీ పేజీలో చూశాం" అంటారు అంతే. దానికి నేను రెండు పద్ధతులు పెట్టుకున్నా. ఒకటి, పోస్ట్ చివరి స్లైడ్‌లో ఆ పోస్ట్‌కి మాత్రమే ఉండే ఒక మాట పెట్టి, కొలతల షీట్ కావాలంటే ఆ మాట డీఎం చేయండి అని అడగడం. రెండోది, సైట్‌లో ఒక్కో పేజీకి ఒక్కో వాట్సాప్ లింక్, తెరవగానే మెసేజ్ ముందే టైప్ అయి ఉంటుంది, అందులో నేను మాత్రమే గుర్తుపట్టగలిగే కోడ్ ఉంటుంది:

```
https://wa.me/NUMBER?text=Wardrobe%20W3
```

NUMBER చోట దేశం కోడ్‌తో సహా మీ నంబర్, ప్లస్ గుర్తు లేకుండా. చూస్తే చాలా చిన్న విషయం, కానీ ఏ గ్రాఫ్ చూసినా తెలియనిది దీంతో తెలిసింది. కొంతమంది ఆ మెసేజ్ చెరిపేసి సొంతంగా టైప్ చేస్తారు, వాళ్లని పట్టుకోలేం, అలాంటివాళ్లని నేనే అడిగి రాసుకుంటా.

ఇప్పుడు అసలు కేసు. ఆ రెండు నెలల తర్వాత కొన్ని వారాలకి ఒక సాదా పోస్ట్ పెట్టా, వార్డ్‌రోబ్ లోతు దగ్గర దగ్గర రెండడుగులు ఎందుకు ఉండాలి, తగ్గిస్తే హ్యాంగర్‌కి తగిలించిన బట్టలు తలుపుకి ఎలా రాసుకుంటాయి అని, ఏడు స్లైడ్లు, చేత్తో గీసిన బొమ్మలు. లైక్స్ 63. పాతలా అయితే ఇది ఫెయిల్ అని వదిలేసేవాణ్ణి. రీచ్ 1,900, సేవ్స్ 84 (లైక్స్ కన్నా ఎక్కువ, చూడండి), ఆ పోస్ట్ నుంచి ప్రొఫైల్‌కి వచ్చినవాళ్లు 70, అక్కణ్ణుంచి లింక్ నొక్కినవాళ్లు 19. హాల్ రీల్‌కి ప్రొఫైల్‌కి వచ్చింది 310, లింక్ నొక్కింది 11.

310 పెద్దదే కదా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ రీచ్‌తో పోల్చాలి. చూసిన ప్రతి వెయ్యి మందిలో రీల్ నుంచి ముగ్గురు ప్రొఫైల్‌కి వచ్చారు, వార్డ్‌రోబ్ పోస్ట్ నుంచి దాదాపు 37 మంది. ప్రొఫైల్‌కి వచ్చిన ప్రతి వంద మందిలో లింక్ నొక్కింది రీల్ నుంచి ముగ్గురు నలుగురు, పోస్ట్ నుంచి 27. అంటే రీల్ చూసినవాళ్లు బావుంది అనుకుని వేలు పైకి జరిపారు, వార్డ్‌రోబ్ పోస్ట్ చూసినవాళ్లు తమ ఇంట్లో సమస్య గుర్తొచ్చి ఇతనెవరో చూద్దాం అని వచ్చారు. తర్వాత ఆరు వారాల్లో షీట్‌లో వార్డ్‌రోబ్ కోడ్‌తో ఐదు లైన్లు పడ్డాయి, రెండు పనులయ్యాయి. రీల్‌కి ఒక్కటీ లేదు.

ఇది చూశాక నేను వెంటనే ఇంకో తప్పు చేశా, లైక్స్ పోయి సేవ్స్ పట్టుకున్నా. సేవ్స్ అంటే సీరియస్‌గా ఉన్నవాళ్లు అని అంతటా చెప్తారు కాబట్టి, సేవ్స్ తెచ్చే పోస్ట్ చేద్దామని డ్రాయింగ్‌లో వాడే కొలతల గుర్తులన్నీ ఒక చోట పెట్టి పోస్ట్ చేశా. సేవ్స్ 400 దాటాయి. ఎంక్వైరీ ఒక్కటీ రాలేదు. కామెంట్లు పెట్టినవాళ్ల ప్రొఫైల్స్ ఒక్కొక్కటీ తెరిచి చూస్తే చాలామంది డిజైన్ చదివే స్టూడెంట్స్, మిగతావాళ్లు నాలాగే పని చేసేవాళ్లు. వాళ్లు దాచుకున్నది చదువు కోసం, పని కోసం, నన్ను పిలవడానికి కాదు. ఆ పోస్ట్‌కి ప్రొఫైల్ విజిట్స్ వెయ్యికి ఐదు కూడా లేవు, ముందే అది చూసుంటే తెలిసిపోయేది. కాబట్టి సేవ్ ఒక్కటే చూస్తే ఏమీ తేలదు, సేవ్ ఎక్కువ ఉండి ప్రొఫైల్ విజిట్ కూడా రీచ్‌తో పోలిస్తే ఎక్కువ ఉంటేనే నాకు లెక్క. ఎవరు సేవ్ చేశారో పేర్లు కనపడవు కాబట్టి కామెంట్ల నుంచే ఊహించుకోవాలి.

టైమ్ విషయం కూడా చాలా దెబ్బ కొట్టింది. నా పనిలో పోస్ట్ చూసిన రోజే ఎవరూ అడగరు. షీట్‌లో చూస్తే మంచి ఎంక్వైరీలు చాలావరకు పోస్ట్ పెట్టాక రెండు నుంచి ఐదు వారాల మధ్య వచ్చాయి, ఇంట్లో మాట్లాడుకుని, కొలుచుకుని, అప్పుడు అడుగుతారు. నేనేమో ఈ వారం పోస్టులు, ఈ వారం ఎంక్వైరీలు పక్కపక్కన పెట్టి ఏ సంబంధమూ లేదనుకునేవాణ్ణి. ఇప్పుడు ఒక పోస్ట్ మీద ఆరు వారాలు అయ్యేదాకా నిర్ణయం తీసుకోను. ఇన్‌స్టాలో అకౌంట్ మొత్తం లెక్కలు ఎక్కువ కాలం వెనక్కి చూపించవు కాబట్టి నెలకోసారి ముఖ్యమైన నంబర్లు షీట్‌లోకి ఎక్కిస్తా, లేకపోతే ఏడాది తర్వాత పోల్చుకోడానికి ఏమీ మిగలదు.

జీఏ4 సంగతి. సైట్ వరకు వచ్చాక ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఇది కావాలి, కానీ పెట్టుకోవడంలో నేను చేసిన తప్పు చెప్తా, చాలామంది చేస్తారేమో అని. ఫారంలో "పంపు" బటన్ నొక్కగానే లెక్కేసేలా పెట్టా. ఒక నెల 40 చూపించింది, మెయిల్‌లో చూస్తే 9. ఫోన్ నంబర్ తప్పు కొట్టి ఎర్ర అక్షరాలు వచ్చి మళ్లీ నొక్కినవి, రెండు మూడు సార్లు నొక్కినవి, అన్నీ లెక్కలోకి వచ్చేశాయి. తర్వాత ఫారం నిజంగా వెళ్లాక వచ్చే థాంక్యూ పేజీ తెరుచుకున్నప్పుడు మాత్రమే `generate_lead` అనే ఈవెంట్ పడేలా మార్చి, దాన్నే కీ ఈవెంట్‌గా, అంటే నాకు ముఖ్యమైన పనిగా, గుర్తు పెట్టా. అప్పట్నుంచి మెయిల్‌కీ దానికీ ఒకటి రెండు తేడా తప్ప సరిపోతోంది. నెలకోసారి రెండూ పక్కన పెట్టి చూడండి, తేడా పెరిగిందంటే ఏదో చెడిందని అర్థం.

వాట్సాప్ లింక్ క్లిక్స్ జీఏ4లో బయటి లింక్ కాబట్టి `click` ఈవెంట్‌గా దానంతటదే పడతాయి (ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే), ఫోన్ నంబర్ మీద నొక్కితే మాత్రం అలా పడవు, విడిగా పెట్టుకోవాలి. నాకు చాలా నెలలు ఫోన్ ఎంక్వైరీలు సున్నా అనిపించడానికి కారణం ఇదే, ఫోన్లేమో వస్తూనే ఉన్నాయి.

సోషల్ నుంచి వచ్చే లింక్‌లకి ఎక్కణ్ణుంచి వచ్చారో చెప్పే ట్యాగ్ పెట్టకపోతే వాటిలో కొన్ని జీఏ4లో డైరెక్ట్ అనే గంపలో పడిపోతాయి, ముఖ్యంగా ఎవరైనా చాట్‌లో లింక్ పంపితే. నేను వాడేది ఇలా ఉంటుంది:

```
?utm_source=instagram&utm_medium=social&utm_campaign=wardrobe_depth
```

ఒకసారి పెద్ద ఐతో, ఒకసారి చిన్న ఐతో రాస్తే జీఏ4 రెండు వేరు వేరు లైన్లుగా చూపిస్తుంది, అందుకే అన్నీ చిన్నక్షరాల్లోనే. కొత్త లింక్ చేసేటప్పుడు పాతది కాపీ చేసి చివరి ముక్క మాత్రం మారుస్తా.

ఇంకోటి, సైట్‌లో ఎంగేజ్‌డ్ సెషన్ అనే లెక్క చూసి మురిసిపోకండి. పది సెకన్లు దాటినా, రెండు పేజీలు చూసినా, కీ ఈవెంట్ జరిగినా ఎంగేజ్‌డ్ అవుతుంది. పది సెకన్లు అంటే ఫోన్ పక్కన పెట్టి నీళ్లు తాగొచ్చినా సరిపోతుంది. నాకు పనికొచ్చింది వేరే, పని ఎన్ని రోజులు పడుతుంది, ఏ మెటీరియల్ అని ఒక పేజీ ఉంది, 'ఏ' గ్రేడ్ ఎంక్వైరీ ఇచ్చినవాళ్లని అడిగితే దాదాపు అందరూ ఆ పేజీ చదివామన్నారు. అందుకే వారానికోసారి ఆ పేజీకి ఎంతమంది వచ్చారు, ఎక్కణ్ణుంచి వచ్చారు అని మాత్రం చూస్తా, మొత్తం ట్రాఫిక్ చూడను.

అసలు తీరని ఇబ్బంది ఒకటి ఉంది. నా నంబర్లు చిన్నవి. నెలకి ఎనిమిది పది ఎంక్వైరీలు వచ్చేచోట ఒక పోస్ట్‌కి మూడు, ఇంకోదానికి ఒకటి వచ్చిందంటే అది నిజం తేడానా, యాదృచ్ఛికమా చెప్పలేం. అందుకే ఒక్కో పోస్ట్‌ని కాకుండా రకాలుగా కలిపి చూస్తా: పూర్తయిన పని చూపించేవి, కొలతలు చెప్పేవి, తప్పులు చూపించేవి. ఏడాది మొత్తం కలిపితే కొలతల రకం నుంచి 31 ఎంక్వైరీలు, పూర్తయిన పని రకం నుంచి 6, పోస్టుల సంఖ్య మాత్రం దాదాపు సమానం. ఇంత తేడా ఉంటే నమ్మొచ్చు. తప్పులు చూపించేవాటికి 12 వచ్చాయి కానీ పోస్టులు తక్కువ పెట్టా, ఇంకా తేలలేదు.

పూర్తయిన పని రీల్స్ పూర్తిగా ఆపలేదు, ఎందుకంటే 'ఏ' గ్రేడ్ వాళ్లలో కొంతమంది "కొలతల పోస్ట్ చూసి వచ్చి, తర్వాత మీ పాత పనులు చూసి ఫోన్ చేశాం" అన్నారు. కొత్తవాళ్లని తేవడం వాటి వల్ల కాకపోయినా, వచ్చినవాళ్లకి నమ్మకం కుదరడానికి కావాలి. కాకపోతే ఇప్పుడు ఎడిటింగ్‌కి రెండు రోజులు పెట్టను, పని అయిపోయిన రోజే ఫోన్‌తో తీసి పెట్టేస్తా, లైక్స్ సగానికి సగం తగ్గాయి, షీట్‌లో 'ఏ' గ్రేడ్ లైన్లు మాత్రం తగ్గలేదు.