మూడేళ్లు వాడిన సదస్సు పట్టిక: రెండును పట్టుకుంది, సున్నాను వదిలేసింది

హనుమకొండలో నేను పనిచేసే కళాశాలలో సదస్సుల కార్యక్రమ పట్టిక బాధ్యత మూడేళ్లుగా నాదే. ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఏదీ లేకుండా, ఒకే ఒక స్ప్రెడ్‌షీట్‌తో ఐదు సదస్సులు నడిపాను. ఒక్కో సమావేశానికి ఒక్కో వరుస ఉంటుంది: A లో శీర్షిక, B లో తేదీ, C లో ప్రారంభం, D లో ముగింపు, E లో గది, F లో వక్త. ఇంత మాత్రం ఎవరైనా తయారుచేసుకోగలరు. నేను మనసారా మెచ్చుకున్నది, ఒకసారి తీవ్రంగా నొచ్చుకున్నది, G కాలమ్‌లోని ఈ ఒక్క సూత్రం విషయంలోనే.

```
=COUNTIFS(B:B,B2,E:E,E2,C:C,"<"&D2,D:D,">"&C2)
```

అదే తేదీన, అదే గదిలో, ఈ సమావేశం ముగిసేలోపు మొదలై, ఇది మొదలైన తర్వాత ముగిసే వరుసలు ఎన్ని ఉన్నాయో ఇది లెక్కిస్తుంది. పోలికలో "సమానం" లేదు కనుక 11:30కి ఒకటి ముగిసి, 11:30కే ఇంకొకటి మొదలైతే దాన్ని తప్పుగా పరిగణించదు. లెక్క ఒకటి దాటితే గడి ఎర్రబడేలా పెట్టుకున్నాను. మొదటి మూడు సదస్సుల్లో, అచ్చుకు పంపే ముందే ఎరుపు కనబడి సర్దుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. ఈ సూత్రం ఉంటే గదుల గురించి ఆలోచించనక్కర్లేదని అప్పట్లో తోటి అధ్యాపకులకు గట్టిగా చెప్పేవాణ్ణి.

నాలుగో సదస్సు రెండో రోజున పన్నెండు గంటలకు, రెండో సెమినార్ హాలు తలుపు దగ్గర రెండు బృందాలు ఎదురుపడ్డాయి. లోపల ఒక అతిథి ఉపన్యాసం సాగుతోంది, అది 12:15 దాకా ఉంది. బయట కార్యశాల వాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకొని నిలబడ్డారు, వాళ్ల వేళ 12:00 నుంచి 12:45. ఇద్దరి చేతుల్లోనూ మా కార్యక్రమ పత్రమే ఉంది, దాంట్లో ఇద్దరికీ అదే హాలు ఉంది. షీట్‌లో మాత్రం ఒక్క గడి కూడా ఎర్రబడలేదు.

ఆ సాయంత్రం కూర్చొని వెతికితే కారణం దొరికింది. ముందు రోజు రాత్రి అతిథి ఫోన్లో చెప్పిన వేళను మా సహోద్యోగి, మనందరం కాగితం మీద రాసుకునే అలవాటు ప్రకారం, చుక్క పెట్టి 11.30 అని కొట్టారు. షీట్ కాలాన్ని రోజులో భాగంగా దాచుకుంటుంది, మధ్యాహ్నం పన్నెండు అంటే దానికి 0.5. కనుక 11.30 దాని లెక్కలో పదకొండు రోజుల పైన రోజులో పదింట మూడు వంతులు, అంటే తెర మీద 07:12. అది చూసి ఆయన గడిని టెక్స్ట్‌గా మార్చి మళ్లీ 11.30 అని, ముగింపును కూడా అలాగే 12.15 అని కొట్టారు. ఈసారి సరిగ్గానే కనిపించింది. టెక్స్ట్ అయితే మామూలుగా ఎడమకు, సంఖ్య కుడికి జరిగి ఉండాలి, కానీ అందం కోసం ఆ కాలమ్ మొత్తాన్ని నేనే మధ్యకు జరిపి ఉంచాను. ఉన్న ఒక్క గుర్తూ అలా పోయింది.

టెక్స్ట్‌గా ఉన్న వేళను "కంటే తక్కువ", "కంటే ఎక్కువ" అనే పోలికలు అసలు చూడవు. అందువల్ల కార్యశాల వరుసకు ఆ ఉపన్యాసం ఉన్నట్టే తెలియదు, దాని లెక్క ఒకటిగానే నిలిచింది. ఉపన్యాసం వరుస లెక్క మాత్రం సున్నా. నన్ను ఇప్పటికీ బాధించేది ఇదే: సరైన ప్రతి వరుస కనీసం తనను తాను లెక్కించుకోవాలి, సున్నా రావడం అసాధ్యం. ఆ సున్నా నా కళ్ల ముందే ఉంది, నేను రెండు కోసం మాత్రమే చూశాను.

ఇప్పుడు సున్నాకు పసుపు రంగు పెట్టాను. ఐదో సదస్సులో అది ఊహించని మేలు చేసింది. ఒకరు 12:15 నుంచి 1:00 అని నింపారు. షీట్‌కు 1:00 అంటే అర్ధరాత్రి దాటాక ఒంటిగంట, ముగింపు ప్రారంభం కంటే ముందే పడింది, లెక్క సున్నా అయి గడి పసుపయింది. అయితే 2:00 నుంచి 3:00 అని రెండు వేళలూ అలాగే కొడితే లెక్క చక్కగా ఒకటే వస్తుంది, రంగు రాదు. దానికి తేదీ, ప్రారంభ వేళల ప్రకారం వరుసలు పేర్చి చూస్తాను. మొదటి రోజు ప్రారంభోత్సవం కంటే పైన, రెండో రోజు ఉదయపు మొదటి సమావేశం కంటే పైన ఏదైనా కనిపిస్తే అది రాత్రి వేళగా నమోదైనట్టే.

వక్తల విషయంలో నా పాత మెప్పును కొంత తగ్గించుకోవాలి. E బదులు F పెట్టి అదే సూత్రం రాస్తే పని చేస్తుంది కానీ, ఇంటిపేరు అక్షరం ఒకచోట పేరుకు ముందు, ఇంకోచోట వెనక ఉంటే షీట్‌కు వాళ్లు ఇద్దరు మనుషులు. అందుకే పేర్లు కొట్టనివ్వకుండా జాబితా నుంచి ఎంచుకునేలా చేశాను. ఒకే గడిలో నలుగురి పేర్లుండే చర్చా గోష్ఠులకు ఇది చాలదు, వాటికి మనిషికో వరుస చొప్పున వేరే షీట్ పెట్టి చూసుకుంటున్నాను.

మాకు మూడు హాళ్లు, రెండు రోజులు, నలభై లోపు వరుసలు, నింపేది ఇద్దరు ముగ్గురు. ఈ కొలతకు నేను దీన్నే వాడతాను. పది గదుల్లో సమాంతరంగా సాగే సదస్సుకు, వేళలు పదిమంది చేతుల మీదుగా వచ్చే చోట, ఇదే చాలని నేను చెప్పలేను. వాడే వారు C, D కాలమ్‌లను మాత్రం మధ్యకు జరపకుండా వదిలేయండి.