టోఫు ప్రోటీన్ లెక్క: సిల్కెన్, ఫర్మ్, ఎక్స్‌ట్రా ఫర్మ్

ఈ మూడు రకాలనూ చాలాకాలంగా వాడుతున్నాక తేలిందేమిటంటే, వంద గ్రాములకు ప్రోటీన్ ఎంతన్నది ప్రధానంగా అందులో ఎంత నీరు మిగిలిందన్న దాని మీదే ఆధారపడుతుంది. సిల్కెన్‌లో సోయా పాలు డబ్బాలోనే తోడుకుంటాయి, నీటిని వేరు చేయరు. అందుకే సుమారు 5 గ్రాముల దగ్గర ఆగుతుంది. మిగతా రెండింటికీ పాలను విరగ్గొట్టి, ఆ విరిగిన గడ్డను గుడ్డలో వేసి బరువు పెట్టి నొక్కుతారు. ఫర్మ్‌లో తరచుగా 9 నుంచి 12, ఎక్స్‌ట్రా ఫర్మ్‌లో 11 నుంచి 15 గ్రాములు కనిపిస్తాయి.

ఈ పేర్లకు అందరూ పాటించే ఒకే కొలత లేదు. ఒక కంపెనీ ఫర్మ్‌లో ఇంకో కంపెనీ ఎక్స్‌ట్రా ఫర్మ్ కన్నా ఎక్కువ ప్రోటీన్ ఉండొచ్చు. మరీ మోసపుచ్చేది ‘సిల్కెన్ ఎక్స్‌ట్రా ఫర్మ్’ అని రాసి ఉండే డబ్బా. అది సిల్కెన్‌లోనే కాస్త గట్టి రకం, 7 గ్రాముల చుట్టుపక్కలే ఉంటుంది. లేబుల్ మీది కొలత కూడా చూడాలి: 85 గ్రాములకు 10 అని రాసి ఉంటే వంద గ్రాములకు 11.8 అవుతుంది. పక్కనే వంద గ్రాములకు 11 అని రాసిన ప్యాకెట్ చూపుకు ఎక్కువగా అనిపించినా నిజానికి తక్కువే.

ఎక్కువమంది లెక్క తప్పేది ఇంట్లో నొక్కిన తర్వాత. నీళ్లు వంపేశాక 400 గ్రాములు తూగే ఫర్మ్ దిమ్మ, లేబుల్ ప్రకారం వందకు 10 అనుకుందాం. మొత్తం 40 గ్రాముల ప్రోటీన్. అరగంట బరువు పెడితే 80 గ్రాముల నీరు దిగి 320 మిగిలిందంటే, ఆ 40 దాదాపు అలాగే ఉంటుంది, వందకు మాత్రం 12.5 అవుతుంది. ఇందులో సగం, అంటే 160 గ్రాములు తింటే వచ్చేది 20. లేబుల్ అంకెతో గుణిస్తే 16 అని వస్తుంది. కాబట్టి నొక్కకముందే తూచి, దిమ్మలో ఎన్నో వంతు తిన్నామో చూసుకోవడం మేలు. వేయించిన ముక్కలకూ ఇదే పద్ధతి, పీల్చిన నూనె కేలరీలు విడిగా కలపాలి.

సిల్కెన్‌ను మాత్రం నొక్కకూడదు, చితికిపోతుంది. 25 గ్రాముల ప్రోటీన్ దాని నుంచే కావాలంటే అర కిలో తినాలి. వందకు 13 ఉన్న ఎక్స్‌ట్రా ఫర్మ్ అయితే 190 గ్రాములు చాలు. కడుపులో పట్టే చోటే ఇక్కడ అసలు తేడా. కేలరీలతో పోల్చి చూస్తే మూడూ దగ్గరదగ్గరగానే ఉంటాయి, వంద కేలరీలకు సుమారు 9 నుంచి 12 గ్రాములు. అందుకని సిల్కెన్ నాసిరకమనడం నాకు సరిగా తోచదు. సూపులోనో స్మూతీలోనో గిలకొట్టి కలపడానికి అదే బాగుంటుంది. తక్కువ పరిమాణంలో ఎక్కువ ప్రోటీన్ కావలసిన భోజనానికి మాత్రం ఎక్స్‌ట్రా ఫర్మ్‌నే తీసుకుంటాను, అదీ లేబుల్ మీది అంకెను వందకు మార్చి చూశాకే.