గెఫీతో ఆరేళ్లు: సంస్థలోని సంబంధాల పటం ఎప్పుడు దారపుండ అవుతుంది

సంస్థల్లో ఎవరు ఎవరికి ఈమెయిల్ పంపుతున్నారో పటంగా గీయడానికి నేను ఆరేళ్లుగా గెఫీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాను. ఇందులో ఒక్కొక్క ఉద్యోగి ఒక చుక్క, ఉత్తరప్రత్యుత్తరాలు ఉన్న ప్రతి జత మధ్య ఒక గీత. ముప్పై నలభై మంది ఉన్న కార్యాలయానికి ఇంతకంటే మంచి పనిముట్టు నాకు దొరకలేదు. కానీ వందల మంది ఉన్న సంస్థకు మెయిల్ సర్వర్ లాగ్‌ను ఉన్నది ఉన్నట్టుగా ఎక్కిస్తే, తెర మీద కనిపించేది చిక్కుబడిన దారపుండ. ఈ రంగంలో దాన్నే హెయిర్‌బాల్ అంటారు. తప్పు సాఫ్ట్‌వేర్‌దే అని మొదట్లో నేను కూడా అనుకున్నాను. ఇన్నేళ్ల వాడకం తర్వాత, చిక్కులో ఎక్కువ భాగం పటం గీయకముందే, అంటే గీత అని దేన్ని లెక్కించాలో నిర్ణయించే దగ్గరే పడుతుందని నాకు స్పష్టమైంది.

ఎవరైనా సొంతంగా చేసి చూడగల ఉదాహరణ ఒకటి ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి SNAP సంకలనంలో email-Eu-core అనే డేటా ఉచితంగా దొరుకుతుంది. యూరప్‌లోని ఒక పరిశోధన సంస్థలో 42 విభాగాలకు చెందిన 1,005 మంది మధ్య నడిచిన మెయిళ్ల నుంచి, పేర్లు తీసేసి, దాన్ని తయారు చేశారు. అందులో గీతలు 25,571. వెయ్యి మందిలో ఎవరి నుంచి ఎవరికి అని దిశతో లెక్కిస్తే సాధ్యమయ్యే జతలతో పోలిస్తే ఇవి నూటికి రెండున్నర మాత్రమే, అయినా గెఫీలో గీస్తే నడిమధ్య నల్లటి ముద్ద తప్ప ఏమీ కనిపించదు, ఎందుకంటే సగటున ఒక్కొక్క మనిషి నుంచి పాతిక గీతలు బయలుదేరి పటానికి అడ్డంగా నిలువుగా పోతాయి. పైగా ఇక్కడ గీతకు అర్థం ఒక్క మెయిల్ అయినా పంపారు అని మాత్రమే. ఇదే డేటాకు తేదీలతో కూడిన మరో రూపంలో 803 రోజుల్లో నడిచిన 3,32,334 మెయిల్ సంబంధాలు ఉన్నాయి, అవన్నీ 24,929 గీతలుగా కుదించుకుపోతాయి. రెండేళ్లకు పైగా సాగిన కాలంలో ఒక్కసారి పలకరించిన జతకూ, రోజూ రాసుకునే జతకూ పటంలో ఒకే రకం గీత పడితే, కంటికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఆ తేదీల డేటాలో ఒక మెయిల్ ఎంతమందికి వెళితే అన్ని గీతలుగా లెక్కించారు. మన కార్యాలయాల్లో ఇదే పెద్ద చిక్కు. అందరికీ సెలవు గురించి తెలిపే సర్క్యులర్ ఒకటి రెండు వందల మందికి వెళ్లిందంటే, ఒక మనిషి ఒక్క ఉత్తరంతో రెండు వందల గీతలు సంపాదించినట్టు అవుతుంది. నేను ఇప్పుడు చేసే మొదటి పని, పదిమంది కంటే ఎక్కువమందికి వెళ్లిన మెయిళ్లను పక్కన పెట్టి, మిగిలిన ప్రతి మెయిల్ విలువను అందుకున్నవారి సంఖ్యతో భాగించడం. ఒక్కరికే రాసిన ఉత్తరం విలువ 1, ఐదుగురికి వెళితే ఒక్కొక్కరి వాటా 0.2. పదిమంది అన్న హద్దు నా అనుభవంతో పెట్టుకున్నది. సంస్థను బట్టి మారాలి.

దీన్ని నేర్చుకోవడానికి నాకు ఒక చేదు అనుభవం కావలసి వచ్చింది. ఒక సంస్థ కోసం గీసిన తొలి పటంలో సరిగ్గా నడిమధ్యన అన్నిటికంటే పెద్ద చుక్క ఒకటి నిలిచింది. సంస్థకు గుండెకాయ లాంటి మనిషి దొరికాడని సమావేశంలో చూపించాను. అది కంప్యూటర్ ఫిర్యాదులకు తనంతట తాను జవాబులు పంపే మెయిల్ చిరునామా అని అక్కడున్న సిస్టమ్ ఇంజనీరు చెప్పేదాకా నాకు తెలియదు. దాన్ని తీసివేసి మళ్లీ గీస్తే, ఆ చిరునామా ఒక్కటే పట్టి ఉంచిన విభాగాలు నాలుగు ముక్కలుగా విడిపోయాయి. అప్పటి నుంచి ప్రతి పటంలోనూ గీతలు ఎక్కువగా ఉన్న మొదటి పది చుక్కలనూ ఎవరివో ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకోకుండా ముందుకు కదలను.

ఆ తర్వాత చాలామంది గెఫీలోని Filters లోకి వెళ్లి, గీత బరువుకు హద్దు పెట్టే Edge Weight జరిపి, బలహీనమైన గీతలను కోసేస్తారు. పటం శుభ్రపడుతుంది గానీ, చిన్న ఉద్యోగులు, కొత్తగా చేరినవారు మొత్తంగా మాయమై, ఎక్కువ మెయిళ్లు రాసే అధికారులే మిగులుతారు. దీనికి సెర్రానో, బొగుఞా, వెస్పిన్యాని అనే పరిశోధకులు 2009లో ప్రతిపాదించిన వడపోత నాకు బాగా పనికొచ్చింది. దాన్ని ముందుగానే పైథాన్‌లో లెక్క కట్టి, మిగిలిన గీతలనే గెఫీకి ఇస్తాను.

```python
alpha = (1 - w / s) ** (k - 1)
```

ఇక్కడ `w` గీత బరువు, అంటే ఆ జత మధ్య నడిచిన మెయిళ్ల మొత్తం విలువ, `s` ఆ మనిషికి ఉన్న గీతలన్నిటి బరువుల మొత్తం, `k` ఆ మనిషికి ఉన్న గీతల సంఖ్య. `alpha` ఎంత తక్కువైతే ఆ గీత ఆ మనిషికి అంత ముఖ్యమైనది. పదిమందితో మొత్తం 100 మెయిళ్లు నడిపే ఒక గుమాస్తా, అందులో 40 ఒక డైరెక్టరుతో నడిపారనుకుందాం. గుమాస్తా వైపు నుంచి లెక్క కడితే 0.6ను తొమ్మిదిసార్లు గుణించగా సుమారు 0.01 వస్తుంది. ఆ డైరెక్టరు వందమందితో 2,000 మెయిళ్లు నడుపుతారు గనుక ఆయన వైపు నుంచి అదే గీతకు వచ్చేది సుమారు 0.135. హద్దు 0.05 అనుకుంటే డైరెక్టరుకు అది మామూలు గీత, గుమాస్తాకు మాత్రం ప్రాణం లాంటి గీత. రెండువైపులలో ఏ ఒక్క వైపు లెక్క హద్దు కంటే తక్కువ వచ్చినా గీతను ఉంచుతాను. ఒకే ఒక్క సంబంధం ఉన్నవారికి ఈ సూత్రం వర్తించదు, వారి గీతను విడిగా చూసుకోవాలి.

ఇక గెఫీలో చుక్కలను పటం మీద సర్దే ForceAtlas 2 గురించి. చుక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే గీతలు దగ్గరకు లాగుతాయి, ఆ తూకంలో పటం కుదురుకుంటుంది. LinLog mode పెడితే గుంపులు బాగా విడివడతాయి, చివర్లో Prevent Overlap పెడితే చుక్కలు ఒకదాని మీద ఒకటి పడవు. అయితే పైన, కింద, ఎడమ, కుడి అన్నవాటికి ఇందులో అర్థం లేదు. మళ్లీ మొదటి నుంచి నడిపితే అదే డేటా మరోవైపు తిరిగి కూర్చోవచ్చు. పటం నిజంగా ఏదైనా చెబుతోందా అన్న అనుమానం వచ్చినప్పుడు, ప్రతి మనిషికి ఉన్న గీతల సంఖ్యను అలాగే ఉంచి అవతలి కొసలను యాదృచ్ఛికంగా మార్చి మరో పటం గీస్తాను. రెండూ ఒకేలా కనిపిస్తే, మొదటిదాన్ని ఎవరికీ చూపించను. ఇంకా సులువైన పరీక్ష, కాగితం మీద ముద్రించి ఒక గీత మీద వేలు పెట్టి అవతలి కొస వరకు వెళ్లగలనా అని చూడడం.

గెఫీ మీద నా ఫిర్యాదులు రెండు. నేను వాడిన 0.9, 0.10 వెర్షన్లలో చేసిన పనిని వెనక్కి తీసుకునే వీలు లేదు, కాబట్టి డేటా పట్టికలు ఉండే Data Laboratory లో ఏది చెరిపే ముందైనా వేరే పేరుతో సేవ్ చేసుకోవలసిందే. వడపోత నడుస్తుండగా Statistics నొక్కితే లెక్క కనిపించే పటానికే కడుతుంది, ఈ సంగతి మరచిపోయి తప్పుడు అంకెలు రాసుకున్న రోజులు నాకున్నాయి. ఇది కాక, విభాగాల మధ్య రాకపోకలే ప్రశ్న అయితే పటం కంటే గళ్ల పట్టిక మేలు. పై డేటాలోని 42 విభాగాలకు 42 వరుసలు, 42 నిలువు గళ్లు వేసి, మెయిళ్ల సంఖ్యను బట్టి రంగు ముదిరిస్తే ఒక్క గీత కూడా మరోదాన్ని దాటదు. ఒకరి నుంచి ఇంకొకరికి కబురు ఎవరి ద్వారా చేరుతుందో దారి వెతకాలంటే మాత్రం గీతల పటమే కావాలి.

ఒక సమావేశంలో అధికారి ఒకరు పటం అంచున ఒంటరిగా ఉన్న చుక్కను చూపి, ఈమె ఎవరితోనూ కలిసి పనిచేయదా అని అడిగారు. ఆమె స్టోర్స్ చూసుకునే ఉద్యోగి, రోజంతా ఫోన్లోనూ మనుషులతో ఎదురెదురుగానూ మాట్లాడతారు, మెయిల్ రాసే అవసరమే రాదు. ఆ రోజు తర్వాత నేను ఇచ్చే ప్రతి పటం కింద ఇది మెయిళ్ల లెక్క మాత్రమేనని, ఏ తేదీల మధ్యదో, ఎన్ని గీతలు ఉండగా ఎన్ని తీసేశానో రాసి ఇస్తున్నాను. చుక్కల పక్కన పేర్లు తీసేసి విభాగం పేరు మాత్రమే ఉంచుతున్నాను.